ఆటో కంతు: మంచిరోజు లెక్కా, చెడ్డనెల లెక్కా?

అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపుల నుండి బెంగళూరు చేరి ఆటో నడుపుకొనే మనవారు చాలమంది ఉన్నారు. మొదట ఒకరి బండి రోజు అద్దెకు తీసుకొని నడుపుతారు. కొన్నాళ్లకు ఒక ఆలోచన తోస్తుంది: “రోజూ మూడువందల యాభై యజమాని చేతిలో పోస్తున్నాం గదా, ఆ డబ్బే కంతుగా కడితే నాలుగేండ్లకు బండి మనదవుతుంది.” ఆలోచన తప్పు కాదు, సగమే నిజం. బండి తీయని రోజున అద్దె లేదు. జ్వరం వచ్చినా, పండుగకు ఊరు వెళ్లినా కంతు మాత్రం ఆగదు. ఈ ఒక్క తేడాను కాగితం మీద పెట్టి చూడాలని మా ఉద్దేశం.

ముందు అప్పు సంగతి. గ్యాసుతో నడిచే కొత్త ఆటోకు రెండున్నర లక్షలు అప్పు తీసుకొన్నామనుకొందాం. “వడ్డీ పది శాతమే” అని అప్పిచ్చేవారు చెబుతారు. ఆ పది శాతం దేనిమీద అన్నదే అసలు ప్రశ్న. తీర్చగా మిగిలిన అసలు మీద అయితే నలభైయెనిమిది నెలలకు కంతు సుమారు 6,341 రూపాయలు. మొదట తీసుకొన్న మొత్తం మీదనే చివరిదాకా లెక్క వేస్తే, ఏటికి ఇరవై అయిదు వేల చొప్పున నాలుగేండ్లకు లక్ష రూపాయల వడ్డీ అవుతుంది, కంతు 7,292కు పెరుగుతుంది. రెంటికీ తేడా నెలకు 951 రూపాయలు, నాలుగేండ్లకు నలభై అయిదు వేలకు పైమాటే. పది శాతమని పేరు పెట్టిన ఈ రెండవ పద్ధతిలో నిజమైన వడ్డీ పదిహేడున్నర శాతం దాటుతుంది.

ఇది తెలుసుకొనేందుకు ఇప్పుడు దారి ఉంది. 2024 అక్టోబరు 1 నుండి, రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, అప్పిచ్చే బ్యాంకుగాని ఫైనాన్సు కంపెనీగాని అప్పు ముఖ్యాంశాలను ఒక పత్రంలో వ్రాసి, అప్పు తీసుకొనేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అందులో ఖర్చులన్నీ కలిపిన వార్షిక వడ్డీ శాతం ఉంటుంది. సంతకానికి ముందు ఆ పత్రం అడిగి, ఆ ఒక్క అంకె చూచుకొంటే చాలును. నోటిమాటగా చెప్పిన శాతాన్ని లెక్కలోకి తీసుకోరాదు.

ఇక రాబడి. 2025 ఆగస్టు 1 నుండి బెంగళూరులో ఆటో మీటరు ధర మొదటి రెండు కిలోమీటర్లకు 36 రూపాయలు, తరువాత కిలోమీటరుకు 18. అయిదు కిలోమీటర్ల బాడుగకు తొంభై రూపాయలు వస్తుందన్నమాట. రోజుకు పదమూడు బాడుగలు పడితే 1,170. అయితే బండి తిరిగేది అరవైయైదు కిలోమీటర్లు మాత్రమే కాదు. బాడుగ వెదుక్కొంటూ, ఎక్కేవారి దగ్గరకు పోతూ, ఖాళీగా ఇల్లు చేరుతూ మరో ముప్పయ్యైదు తిరుగుతుంది. కిలో గ్యాసుకు ముప్పయి కిలోమీటర్లు, కిలో ధర తొంభై రూపాయలని వేసుకొంటే నూరు కిలోమీటర్లకు మూడువందలు పోతాయి. టీ, భోజనం, ఫోను, బాడుగలు చూపే యాప్‌కు కట్టే రుసుము కలిపి మరో నూటయిరవై. చేతికి మిగిలేది 750. సాయంకాలం జేబులో కనబడిన పదకొండువందల డెబ్బైని రాబడి అనుకోవడం వద్ద కొంప మునుగుతుంది. మీటరు పైన బేరమాడి అడిగే డబ్బును కూడా ఈ లెక్కలో చేర్చరాదు. అది ఒకనాడు వస్తుంది, ఒకనాడు రాదు.

నెలకు ఇరవై అయిదు రోజులు బండి తిరిగితే 18,750. ఇందులో ఇన్సూరెన్సుకు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకు నెలకు వెయ్యి, టైర్లు, ఆయిలు, క్లచ్చి వగైరాలకు పదిహేనువందలు విడిగా దాచాలి. అవి ఆ నెలలో ఖర్చు కాకపోయినా ఖర్చే. మిగిలిన 16,250లో కంతు 7,292 పోగా ఇంటికి వచ్చేది 8,958. అదే మనిషి అద్దె బండి నడిపితే అద్దె పోను పదివేలు ఇంటికి తెచ్చేవాడు, టైర్ల బాధ కూడా లేదు. అంటే సొంత బండి ఈ నాలుగేండ్లూ ఇంటికి ఎక్కువ పెట్టదు, తక్కువే పెడుతుంది. లాభమంతా కంతులు తీరిన తరువాతే. ఆ నాలుగేండ్లు తట్టుకొనగలమా అన్నదే తేల్చుకోవలసిన విషయం.

అందుకు చెడ్డనెల లెక్క చూడాలి. వానలో మూడు రోజులు, ఒంట్లో బాగులేక రెండు రోజులు పోయి ఇరవై రోజులే బండి తిరిగిందనుకొందాం. బాడుగలు పదకొండే. రోజుకు 990 వస్తే, తొంభై కిలోమీటర్ల గ్యాసుకు 270, చిల్లరకు 120 పోను 600 మిగులుతుంది. ఇరవై రోజులకు పన్నెండువేలు. బండి ఖర్చుకు రెండున్నరవేలు, కంతు 7,292 తీసివేయగా ఇంటికి మిగిలేది 2,208 రూపాయలు! బెంగళూరులో ఇంటి అద్దెకైనా అది చాలదు. ఇల్లాలి గొలుసు కుదువపెట్టి మొదటి సొమ్ము కట్టి ఉంటే, ఆ వడ్డీ కూడా ఈ రెండువేలలో నుండే పోవాలి.

ఇదే మనిషి మరో రెండేండ్లు అద్దె బండి నడిపి, చీటీ వేసి, లక్ష కూడబెట్టి లక్షన్నర మాత్రమే అప్పు చేశాడనుకొందాం. మిగిలిన అసలు మీద పది శాతం చొప్పున కంతు 3,804కు దిగుతుంది. అప్పుడు చెడ్డనెలలో కూడా ఇంటికి సుమారు 5,700 మిగులుతుంది. భార్య సంపాదన కొంత ఉన్న ఇంటికి ఇది గడిచే లెక్క.

కాబట్టి కొనదలచినవారు ముందు మూడు నెలలు అద్దె బండి నడుపుతూ ఒక నోటుపుస్తకం పెట్టాలి. వచ్చినది, గ్యాసుకు పోయినది, తిరిగిన కిలోమీటర్లు, బండి తీయని రోజులు, ఈ నాలుగే వ్రాస్తే చాలును. ఆ మూడింటిలో చెడ్డనెల చూచి, ఇంటికి కనీసం కావలసినది తీసివేసి, మిగిలినదానికి లోబడిన కంతే ఒప్పుకోవాలి. మెట్రో దారి ఒకటి తెరిస్తే ఆ పక్క దూరపు బాడుగలు మారవచ్చును. ఆడవారికి బస్సు ఉచితం చేసిన 2023 జూను తరువాత తమ రాబడి తగ్గిందని ఆటోవారు మొరపెట్టుకొన్న సంగతి మనకు తెలిసినదే. అందుచేత పోయినయేటి లెక్క, పక్కవాడి లెక్క మనకు పనికిరావు.

చిన్న సరుకుల బండికి కూడా సూత్రం ఇదే, ఒక తేడాతో. ఆటోకు దిగినచోటనే మరో బాడుగ దొరకవచ్చును. సరుకుల బండి యశ్వంతపురం మార్కెట్టు నుండి మూటలు దించి తరచుగా ఖాళీగా తిరిగి వస్తుంది. పోయేటప్పటి కిరాయిలో రానుపోను ఇంధనాన్ని తీసివేసిగాని రాబడి వ్రాసుకోరాదు. మూటలెక్కించేందుకు కాచుకొన్న గంటలు కూడా రోజులో భాగమే. అప్పు పెద్దది గనుక చెడ్డనెల దెబ్బ కూడా పెద్దదే.

బండి కొన్న తరువాత లెక్క తప్పుతున్నదని ఎలా తెలుస్తుంది? కంతు కోసం చేబదులు తెచ్చిన మొదటి నెలే గుర్తు. టైరు అరిగినా మార్చకపోవడం, ఇన్సూరెన్సు గడువు దాటనివ్వడం తరువాతి గుర్తులు. అప్పుడు దాగరాదు. కంతు తప్పకముందే అప్పిచ్చినవారి వద్దకు పోయి గడువు పెంచమని వ్రాతపూర్వకంగా అడగాలి. ఆలస్యానికి వేసే జరిమానాను అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ కట్టరాదని రిజర్వు బ్యాంకు నియమం. గూండాలను పెట్టి బండ్లు లాగుకొనడం తగదని సుప్రీంకోర్టు 2007లోనే గట్టిగా చెప్పింది. అయినా గడువు పెంచనిచో, మూడు కంతులు పేరుకొనకముందే మనమే బండి అమ్మి అప్పు తీర్చడం మేలు. మన చేత అమ్మిన బండికి వచ్చే ధర, వేలంలో పోయిన బండికి సాధారణంగా రాదు.