పద్దు మారితే పని ఎంత మారుతుంది?

మన లాబొరేటరీల్లో ప్రాజెక్టు నడుపుతున్న ఏ లెక్చరర్‌ని కదిలించినా ఒక మాట వినిపిస్తుంది: "డబ్బుందండీ, కాని కావలసిన పద్దులో లేదు." మంజూరైన మొత్తంలో సొమ్ము మిగిలే ఉంటుంది. రసాయనాల పద్దు ఖాళీ అయిపోతుంది, ప్రయాణాల పద్దులో మాత్రం నిలవ కనిపిస్తుంది. ఆ నిలవని ఇటు తిప్పుకోవడానికి ఒక కాగితం నింపాలి. ఆఫీసులో దాన్ని రీఅప్రాప్రియేషన్ ఫారం అంటారు, మనం పద్దు మార్పు ఫారం అనుకుందాం. చూడడానికి ఒక్క పేజీయే. ఎందుకు, ఎంత, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎవరు ఒప్పుకోవాలి, పని మీద ప్రభావం ఏమిటి: అడిగేవి ఇంతే. చాలామంది మొదటి నాలుగూ శ్రద్ధగా నింపి, అయిదోదాన్ని గాలికి వదిలేస్తారు. ఫారం తిరిగొచ్చేది మాత్రం ఎక్కువగా ఆ అయిదోదాని వల్లనే.

మాదిరికి ఒక ప్రాజెక్టు అనుకుందాం. నల్లగొండ జిల్లాలో అరవై బోరుబావుల నీటిలో ఫ్లోరైడు వానలకు ముందు ఎంత, వానల తర్వాత ఎంత అని చూడడం దాని పని. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫరవాలేదని, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. ఏ బావి నీరు ఏ కాలంలో ఆ గీత దాటుతున్నదో తెలిస్తే, ఊళ్లోవాళ్లు ఏ బావినీళ్లు తాగాలో చెప్పడానికి వీలుంటుంది. మూడేళ్ల ప్రాజెక్టు, రెండో ఏడు నడుస్తున్నది. ఇంతలో ఫ్లోరైడు కొలిచే ఎలక్ట్రోడు పాడయింది.

పాడయిందని ఎలా తెలిసింది? ఫ్లోరైడు గాఢత పదింతలు మారితే మంచి ఎలక్ట్రోడు 59 మిల్లీవోల్టులకు దగ్గరగా తేడా చూపాలి. ఇది 40 దగ్గర ఆగిపోయింది. కొత్త ద్రావణాలు కలిపి చూసినా, కొనని తుడిచి చూసినా అంతే. ఫారంలో "కారణం" అన్నచోట రాయవలసింది ఇదే. "అనివార్య కారణాలవల్ల" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. ఏం జరిగింది, ముందే ఎందుకు ఊహించలేకపోయాం, మార్చకపోతే ఏం ఆగిపోతుంది: ఈ మూడింటికి మూడు వాక్యాలు చాలు. ఆ రీడింగుల కాగితం వెనక జతచేస్తే మరీ మంచిది.

ఇక డబ్బు. రసాయనాలు, చిల్లర సామాను పద్దుకి మంజూరు 1,80,000 రూపాయలు. ఖర్చయింది 1,22,000. మనవాళ్లు ఇక్కడే తీసివేత చేసేసి 58,000 నిలవ అని రాస్తారు. కాని సీసాలకు, బఫరు ద్రావణానికి ఆర్డరిచ్చి ఇంకా బిల్లు రానిది 21,500 ఉంది. అది ఖర్చు కాలేదు, అలాగని మన చేతిలోనూ లేదు. దాన్నీ తీసేస్తే అసలు నిలవ 36,500. కొత్త ఎలక్ట్రోడుకి 55,500, చివరిదాకా రసాయనాలకు 48,000, వెరసి 1,03,500 కావాలి. కాబట్టి తక్కువ పడింది 67,000. ఆర్డరిచ్చినది మరిచిపోతే 45,500 మాత్రమే అడిగి, ఆరునెలల తర్వాత రెండో ఫారం పట్టుకుని అదే గుమ్మం ఎక్కవలసి వస్తుంది. ఒకే ప్రాజెక్టుకి రెండోసారి మార్పు అడిగితే పై వాళ్ల చూపు వేరుగా ఉంటుంది, అది సహజమే.

ఈ 67,000 ఎక్కడినుంచి తేవాలి? పరికరాల పద్దులో మీటరు చౌకగా దొరికి 70,000 మిగిలి ఉందనుకోండి. చెయ్యి ముందు అటే పోతుంది. కాని కేంద్రప్రభుత్వ గ్రాంటులో ఆస్తులు కొనే సొమ్ము వేరు, మామూలు ఖర్చుల సొమ్ము వేరు, జీతాల సొమ్ము వేరు. ఏటా పంపే వినియోగ పత్రం, అదే జి.ఎఫ్.ఆర్. 12-ఏ ఫారం, వీటిని విడివిడిగానే చూపమంటుంది. గోడకి ఇవతల ఉన్న పద్దుల మధ్య మార్పు అడగడం తేలిక, గోడ దాటించడం బహుకష్టం. పాత మీటరుకే తగిలించే ఎలక్ట్రోడుని విడిభాగంగా చిల్లర సామాను పద్దులోనే రాసుకున్నాం కాబట్టి, మామూలు ఖర్చుల వైపే వెతకాలి.

అటు ప్రయాణాలున్నాయి. మంజూరు 1,50,000, ఖర్చు 58,000, తీసుకుని ఇంకా లెక్క చెప్పని అడ్వాన్సు 12,000, నిలవ 80,000. ఇందులోంచి 67,000 లాగేస్తే ఒక్క గీతతో పని అయిపోతుంది. కాని జీపుకి, బత్తాకి కలిపి ఒక్కో ట్రిప్పుకి 6,500. మిగిలే 13,000తో రెండే ట్రిప్పులు. ఎలక్ట్రోడు కొత్తగా మెరుస్తూ ఉంటుంది, కొలవడానికి నీళ్లు ఉండవు! కాబట్టి ప్రయాణాల్లోంచి 41,000, 60,000 మంజూరైన కంటింజెన్సీలోంచి 26,000 తీద్దాం. కంటింజెన్సీలో ఖర్చయినది 20,000 కనుక రిపోర్టు టైపుకీ ప్రింటుకీ ఇంకా 14,000 ఉంటుంది. కొత్త పట్టీలో రసాయనాలు 2,47,000, ప్రయాణాలు 1,09,000, కంటింజెన్సీ 34,000. కూడితే 3,90,000, పాత మూడింటి మొత్తమూ అంతే. రెండు మొత్తాలూ సరిపోకపోతే అది పద్దు మార్పు కాదు, అదనపు గ్రాంటు అడగడం. దాని దారి వేరు.

ఇప్పుడు అయిదో గడి. ఇక్కడ "ప్రభావం ఏమీ లేదు" అని రాయడం మనకు అలవాటు. పని తగ్గుతుందంటే ఒప్పుకోరేమోనని భయం. కాని అవతలివాడి వైపునుంచి చూడండి. ప్రయాణాలకు 41,000 తగ్గినా పని తగ్గదంటే, ఆ 41,000 మొదట్లో ఎందుకు అడిగినట్టు? ఆ మాట మన పాత బడ్జెట్టు ఉబ్బించి రాశామని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

నిజంగా ఏమవుతుందో లెక్కవేద్దాం. ట్రిప్పుకి పది బావులు. ఒక కాలానికి ఆరు ట్రిప్పులు, రెండు కాలాలకు పన్నెండు. ప్రయాణాల్లో ఇక మిగిలే 39,000తో ఆరే వస్తాయి. అరవై బావులూ ఒక్క కాలంలో చూడడమా, ముప్ఫై బావులు రెండు కాలాల్లో చూడడమా? మొదటిది అంకెల్లో బాగుంటుంది, అరవై అన్నాం, అరవై చేశాం అనవచ్చు. కాని వానలకు ముందూ వెనకా తేడా ఎంత అన్నదే ప్రాజెక్టు అడిగిన ప్రశ్న. ఒక్క కాలమే చూస్తే దానికి జవాబు లేదు. కాబట్టి ముప్ఫై బావులే సరి. గడిలో ఇలా రాయాలి: "పరీక్షించే బావులు 60కి బదులు 30. రెండు కాలాల పోలిక యథాతథం. ఊరికి కనీసం ఒక బావి ఉండేట్టు ఎంపిక. వదిలేసిన బావుల జాబితా జతపరచడమైనది." ఆ జాబితా పెట్టకపోతే, వదిలేసిన బావి నీరు మంచిదని తేలినట్టుగా రేపు ఎవరైనా పొరపాటు పడవచ్చు.

సంతకాల సంగతి. ప్రాజెక్టు పెద్ద అడుగుతాడు, ఒప్పుకునేవాడు ఆయన కాదు. శాఖాధిపతి సిఫారసు చేస్తారు, ఫైనాన్సు ఆఫీసులో నిలవలు సరిచూస్తారు, రిజిస్ట్రారు పంపిస్తారు, గ్రాంటిచ్చిన సంస్థ మంజూరు చేస్తుంది. ఇంతశాతం వరకు మీరే మార్చుకోండి అని కొన్ని మంజూరు ఉత్తర్వుల్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. అందుకే ఉత్తర్వు షరతులు ముందు చదవాలి. "హెచ్.ఓ.డి. గారు సరేనన్నారండీ" అన్నది మంజూరు కాదు.

జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు, అందాకా ఎలక్ట్రోడు ఆర్డరివ్వకూడదు. ఆడిటరు ముందు చూసేది తేదీలే: మంజూరు ఉత్తరం తేదీకన్నా బిల్లు తేదీ ముందుంటే ఆ 55,500 అభ్యంతరంలో పడుతుంది, కట్టేది శాఖో, ఆ లెక్చరరో. ఎలక్ట్రోడు ఫిబ్రవరిలో పాడయితే, మే నెల శాంపిళ్లకు అందాలంటే ఫారం ఫిబ్రవరిలోనే కదలాలి. ఉత్తరం వచ్చాక దాని నకలు ఒకటి బిల్లుల ఫైల్లో, ఒకటి వినియోగ పత్రంతో, ఒకటి ఫీల్డుకి వెళ్లే కుర్రాడి నోటుబుక్కులో. ఏ ముప్ఫై బావుల దగ్గర సీసా నింపాలో తెలియవలసింది అతనికే.