సంఘం ఎన్నికలో ఓటు ఎవరిది?

క్రీడా సంఘం ఎన్నికల్లో ఓటు చాలావరకు ఆటగాడిది కాదు, క్లబ్బుది. క్లబ్బులో వంద మంది ఉన్నా, దాని తరఫున ఓటు వేసేది ఒక్కరే. అందుకే అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఎవరన్నది ఓటర్ల జాబితా తయారయ్యేటప్పుడే సగం తేలిపోతుంది.

నోటిఫికేషన్ రాగానే ప్రతి క్లబ్బూ తన ప్రతినిధి పేరు పంపాలి. అందుకు సమావేశమై తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో రాసి, ఆ నకలును లేఖకు జతచేస్తారు. తగాదాలు మొదలయ్యేదీ ఇక్కడే. ఒకే క్లబ్బు నుంచి పాత కార్యదర్శి సంతకంతో ఒక పేరు, కొత్త కార్యదర్శి సంతకంతో ఇంకో పేరు వస్తాయి. అప్పుడు ఎన్నికల అధికారి చూసేది ఎవరి పలుకుబడి ఎంతని కాదు. సమావేశం నోటీసు సభ్యులందరికీ వెళ్లిందా, కోరం ఉందా అని. అది తేలకపోతే ఆ క్లబ్బు ఓటే ఆగిపోవచ్చు.

తర్వాత ముసాయిదా జాబితా బయట పెడతారు. అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువు. ఆ రోజుల్లో పేరు చూసుకోని క్లబ్బు తర్వాత మొత్తుకున్నా లాభం ఉండదు.

జాబితా ఎంత కీలకమో హైదరాబాద్ క్రికెట్ సంఘం ఎన్నిక చూపించింది. సంఘంలో గొడవలు ముదరడంతో 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ లావు నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేసింది. కొద్దిమంది వ్యక్తులు, వారి కుటుంబాల చేతుల్లోనే ఒకటికి మించి క్లబ్బులున్నట్టు కమిటీ గుర్తించి, 57 క్లబ్బులను ఓటింగుకు దూరంగా ఉంచింది. కాగితం మీద ఒక్కో క్లబ్బుకు ఒక్కో ఓటే. కానీ అయిదు క్లబ్బులు ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇంటికి అయిదు ఓట్లన్నమాట. ఆ తర్వాతే మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ వి.ఎస్. సంపత్ ఆధ్వర్యంలో అక్టోబర్ 20న పోలింగ్ జరిగింది.

నామినేషన్ల దశ దీనికంటే తేలిక. ప్రతిపాదించేవారు, బలపరిచేవారు ఇద్దరూ తుది జాబితాలో ఉండాలి. పరిశీలనలో వయసు, వరుసగా ఎన్నేళ్లు పదవిలో ఉన్నారన్నది చూస్తారు. ఉపసంహరణ గడువు ముగిశాక ఒక్కరే మిగిలితే ఏకగ్రీవం. లేదంటే రహస్య బ్యాలెట్.

ప్యానెళ్లుగా ప్రచారం చేసినా ఒక్కో పదవికి ఓట్లు విడిగా లెక్కిస్తారు. కాబట్టి అధ్యక్షుడు ఒక ప్యానెల్ నుంచి, కార్యదర్శి దాని ప్రత్యర్థి ప్యానెల్ నుంచి గెలవచ్చు. అప్పుడు చెక్కు మీద ఎవరెవరు సంతకం పెట్టాలో, సమావేశం ఎవరు పిలవాలో తేల్చేది బైలా ఒక్కటే.