రిలీజ్ తేదీకి మూడు అంకెలు

యాప్‌లో పేమెంట్ భాగం ఎప్పటికవుతుందని అడిగితే డెవలపర్ ‘ఆరు రోజులు’ అంటాడు. అన్నీ మామూలుగా సాగితేనే ఆ మాట నిజం. బ్యాంకు నుంచి టెస్ట్ ఖాతా రాకపోతే ఇరవై పట్టొచ్చు. అంతా కలిసొచ్చినా నాలుగుకు తగ్గదు. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనుల కోసం రూపొందించిన పెర్ట్ పద్ధతి ఈ మూడు అంకెలనూ అడుగుతుంది. మామూలు అంకెకు నాలుగింతల బరువిచ్చి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తారు:

(4 + 4×6 + 20) ÷ 6 = 8 రోజులు

ఇదే లెక్కన లాగిన్‌కు (2, 3, 10) నాలుగు రోజులు, టెస్టింగ్‌కు (3, 5, 7) ఐదు. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే మొత్తం 17. మామూలు అంకెలే కూడితే 14 వచ్చేది.

అయితే 17 కూడా సగటే, కాస్త బఫర్ కావాలి. దాన్ని ప్రతి పనిలోనూ గుట్టుగా కలిపితే ఆ పనులు అంతమేరా సాగుతాయి. అందుకే చివర్లో, అందరికీ కనబడేలా ఒకేచోట ఉంచడం నయం. ఎంత? ఒక్కో పనికి పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసి ఆరుతో భాగించాలి. వచ్చినవాటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే ఇక్కడ సుమారు 3. కాబట్టి తేదీ 20వ రోజు. మూడు పనులూ ఒకేసారి బెడిసికొట్టడం అరుదన్నది ఈ లెక్కలోని ధీమా. ఒకే మనిషి మీదో, ఒకే బ్యాంకు మీదో అన్నీ ఆధారపడితే అది చెల్లదు, బఫర్ పెంచాల్సిందే. సగం పని కాకముందే ఆ మూడు రోజులూ కరిగిపోతుంటే, ఏ ఫీచర్‌ను తర్వాతి రిలీజ్‌కు వాయిదా వేయాలో అప్పుడే తేల్చుకోవాలి.