మూడు అక్షరాలు, మూడు వరసలు

క, గ, చ అనే మూడు అక్షరాలను వరసగా రాయండి. వాటి చోట్లు మార్చడానికి ఆరు విధాలున్నాయి. దేన్నీ కదపకపోవడం ఒకటి. ఏవో రెండింటిని తారుమారు చేసి మూడోదాన్ని ఉన్నచోటే ఉంచడం మూడు విధాలు. మూడింటినీ గుండ్రంగా ఒక్కో చోటు జరపడం రెండు విధాలు, అటొకటి, ఇటొకటి. ఒక మార్పు వెంట మరొకటి చేసినా వచ్చే ఫలితం ఈ ఆరింటిలోదే అవుతుంది. చేసినదాన్ని వెనక్కి తిప్పే మార్పు కూడా ఇందులోనే దొరుకుతుంది. ఈ ఆరు మార్పుల గ్రూపు పేరు S₃.

ప్రతి మార్పునూ మూడు అడ్డువరసలు, మూడు నిలువువరసల మాత్రికగా రాయవచ్చు. ఆ మాత్రికలో ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు దిగే వికర్ణం మీది అంకెలను కూడితే వచ్చే సంఖ్యే క్యారెక్టర్. కదలని అక్షరానికి వికర్ణం మీద 1 పడుతుంది, కదిలినదానికి 0. అంటే ఇక్కడ క్యారెక్టర్ అంటే కదలకుండా మిగిలిన అక్షరాల లెక్కే: కదపనప్పుడు 3, తారుమారుకు 1, గుండ్రటి జరుపుడుకు 0. తారుమారైనవి క, గ లైనా గ, చ లైనా లెక్క ఒకటే, ఎందుకంటే అక్షరాల పేర్లు మార్చినంత మాత్రాన వికర్ణం మొత్తం మారదు. అందువల్ల ఆరు మార్పులు మూడు తరగతులుగా సర్దుకుంటాయి, తరగతికి ఒక్క సంఖ్య చాలు.

ఒక గ్రూపును మాత్రికలతో చూపే పద్ధతులు ఎన్నో ఉన్నా, అవన్నీ ఇక విడదీయలేని కొన్ని మూల రూపాల కలయికలే. 1896లో డెడెకిండ్ రాసిన ఉత్తరాలతో కదిలిన జర్మన్ గణితవేత్త ఫ్రొబేనియస్ ఆ ఏడాదే క్యారెక్టర్ల సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. ఆ సిద్ధాంతం ప్రకారం మూల రూపాలు ఎన్నంటే తరగతులు ఎన్నో అన్ని. వాటి పరిమాణాల వర్గాల మొత్తం గ్రూపులోని సభ్యుల సంఖ్యకు సమానం. మనకు మూడు తరగతులు, ఆరుగురు సభ్యులు. మూడు వర్గాలు కలిసి 6 కావాలంటే 1+1+4 తప్ప దారి లేదు. కాబట్టి పరిమాణాలు 1, 1, 2.

మొదటి వరస తేలిక: ప్రతి మార్పుకూ 1. రెండోదానిలో తారుమారుకు −1, మిగిలినవాటికి 1. వెంటవెంటనే రెండు వేర్వేరు తారుమారులు చేస్తే గుండ్రటి జరుపుడు వస్తుంది, −1ని −1తో గుణిస్తే 1 వస్తుంది, పొత్తు కుదిరింది. మూడో వరస 2, a, b అనుకుందాం. రెండు వేర్వేరు వరసల సంఖ్యలను తరగతివారీగా గుణించి, ఆ తరగతిలో ఎందరుంటే అన్ని రెట్లు చేసి కూడితే సున్నా రావాలి. మొదటి వరసతో 2+3a+2b=0, రెండోదానితో 2−3a+2b=0. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే a=0, అప్పుడు b=−1.

| | కదపనిది (1) | తారుమారు (3) | జరుపుడు (2) |
|---|---|---|---|
| మొదటిది | 1 | 1 | 1 |
| రెండోది | 1 | −1 | 1 |
| మూడోది | 2 | 0 | −1 |

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ 3, 2 రెట్లను మరిచిపోతుంటారు. అలా చేస్తే మొదటి, మూడో వరసలకు 2+0−1, అంటే 1 వస్తుంది. సున్నా రాలేదంటే తప్పు అక్కడే వెతకాలి. ఏ వరసనైనా దానితోనే గుణిస్తే మాత్రం 6 రావాలి: మూడోదానికి 4+0+2.

ఇప్పుడు మొదట్లో లెక్కపెట్టిన 3, 1, 0ను పట్టిక పక్కన పెట్టి చూడండి. మొదటి, మూడో వరసల మొత్తం సరిగ్గా అదే. ఈ కూడికకు కళ్లకు కనిపించే రుజువు అమోనియా అణువులో ఉంది. నైట్రోజన్ కింద మూడు హైడ్రోజన్లు సమబాహు త్రిభుజం మూలల్లో ఉంటాయి. మూడు అద్దపు ప్రతిబింబాలు, రెండు భ్రమణాలు, కదపనితనం కలిసి అచ్చంగా S₃ అవుతాయి. రసాయన శాస్త్రం పుస్తకాల్లో A₁, A₂, E పేర్లతో ఉన్నవి మన మూడు వరసలే. మూడు నైట్రోజన్–హైడ్రోజన్ బంధాల సాగుడుకు క్యారెక్టర్ 3, 1, 0, అంటే A₁+E. బంధాలు మూడైనా సాగే కంపనాలకు పౌనఃపున్యాలు రెండే రావాలి: మూడూ ఒక్కసారి సాగేది ఒకటి, ఒకే పౌనఃపున్యాన్ని పంచుకునే జంట ఇంకొకటి. పరారుణ వర్ణపటంలో సెంటీమీటరుకు దాదాపు 3,340, 3,440 దగ్గర ఆ రెండూ కనిపిస్తాయి. ఒక హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం పెడితే సౌష్ఠవం చెడి జంట విడిపోతుంది. పౌనఃపున్యాలు ఎన్నో పట్టిక చెబుతుంది గానీ వాటి విలువ చెప్పదు, దానికి బంధాల బలం, పరమాణువుల బరువు తెలియాలి.

పట్టికకు ఇంకో హద్దు ఉంది. చతురస్రపు ఎనిమిది సౌష్ఠవాల గ్రూపుకూ, క్వాటర్నియన్ల ఎనిమిది మంది సభ్యుల గ్రూపుకూ ఒకే పట్టిక వస్తుంది. అయినా అవి వేరు: రెండుసార్లు చేస్తే మొదటికి వచ్చే మార్పులు చతురస్రానికి ఐదుంటే, రెండోదానికి ఒక్కటే.