కోసిన పన్ను 26ఏఎస్‌లో కనిపించకపోతే: నోటీసుకు జవాబు ఎలా?

రిటర్ను వేసిన కొన్ని వారాలకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ఒక మెయిల్ వస్తుంది. ‘మీరు చూపిన టీడీఎస్‌కూ మా లెక్కలో ఉన్న టీడీఎస్‌కూ తేడా ఉంది, సవరించబోతున్నాం, మీ అభిప్రాయం చెప్పండి’ అన్నది దాని సారాంశం. సెక్షన్ 143(1)(a) కింద వచ్చే ఈ లేఖ పన్ను డిమాండు కాదు. సవరించే ముందు మన మాట వినడానికి శాఖ ఇచ్చే అవకాశం. లేఖ జారీ అయిన తేదీ నుంచి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే వాళ్లు ప్రతిపాదించిన సవరణే ఖాయమవుతుంది. ఒక్కోసారి ఈ లేఖ లేకుండా నేరుగా 143(1) ఇంటిమేషనే వచ్చి, అందులో క్రెడిట్ తగ్గించి ఉంటుంది. అప్పుడు దారి కొంచెం వేరు, అది తర్వాత చూద్దాం. ఇక్కడ చెప్పే సెక్షన్లన్నీ 1961 చట్టానివి. 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు వచ్చిన ఆదాయానికి ఇవే వర్తిస్తాయి.

ముందు తేడా ఎలా పుడుతుందో తెలియాలి. జీతంలోంచి పన్ను కోసిన సంస్థ ఆ సొమ్మును చలానాతో ప్రభుత్వానికి కట్టాలి. తర్వాత మూడు నెలలకోసారి ఎవరి పాన్ మీద ఎంత కోసిందో లెక్క దాఖలు చేయాలి. ఆ లెక్కే ఫారం 26ఏఎస్‌లో మన పేరు మీద కనిపిస్తుంది. బెంగళూరులోని సీపీసీ కంప్యూటర్ మన రిటర్నులోని ప్రతి వరుసనూ కోత పెట్టిన సంస్థ టాన్ నంబరుతో 26ఏఎస్‌లో వెతికి పోలుస్తుంది. మన జీతం చీటీలో ఏముందో దానికి తెలియదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ప్రైవేటు కాలేజీ లెక్చరర్ ఒకరున్నారు. ఆయన ఏడాది పన్ను 72,000 రూపాయలు. జీతం చీటీల ప్రకారం కాలేజీ కోసింది కూడా సరిగ్గా అంతే. రిటర్నులో ఆ 72,000తో పాటు ఒక బ్యాంకు ఫిక్సెడ్ డిపాజిట్‌పై కోసిన 6,000 కూడా రాసి, మొత్తం 78,000 క్రెడిట్ అడిగారు. అంటే 6,000 రిఫండు రావాలి. కానీ 26ఏఎస్‌లో ఆయన పేరు మీద ఉన్నది 54,000 మాత్రమే. శాఖ లెక్క అలాగే నిలిస్తే రిఫండు పోవడమే కాక 18,000 బాకీ తేలుతుంది. దానిపై వడ్డీ కూడా పడవచ్చు.

తేడా మొత్తం 24,000. దీన్ని ఒకే ముద్దగా చూస్తే జవాబు తప్పిపోతుంది. వరుసవారీగా విడదీయాలి. 26ఏఎస్‌ తెరిచి కాలేజీ టాన్ కింద చూస్తే మొదటి మూడు త్రైమాసికాల కోత 54,000 ఉంది. జనవరి నుంచి మార్చి వరకు కోసిన 18,000 లేదు. బ్యాంకు వరుస అసలు లేదు. ఎందుకని చూస్తే ఆ డిపాజిట్ ఆయన భార్యది, ఆమె సొంత డబ్బుతో వేసుకున్నది. వడ్డీ ఆమె రిటర్నులోనే ఉంది. కోత కూడా ఆమె పాన్ మీదే పడింది. ఇంట్లో కాగితాలన్నీ ఒకేచోట ఉండడంతో ఆ 16ఏ సర్టిఫికెట్ ఈయన రిటర్నులోకి వచ్చేసింది.

కాబట్టి రెండు వరుసలకు రెండు జవాబులు. బ్యాంకు 6,000 విషయంలో శాఖదే సరైన లెక్క, ఒప్పుకోవాలి. ఆ క్రెడిట్ భార్య తన రిటర్నులో తీసుకోవాలి. 18,000 విషయంలో ఒప్పుకోకూడదు. గొడవెందుకని `Agree` నొక్కేస్తే ఒకసారి జీతంలోంచి పోయిన పన్నును రెండోసారి చేతినుంచి కట్టినట్టవుతుంది.

అయితే ‘ఒప్పుకోను’ అన్నంత మాత్రాన 26ఏఎస్ మారదు. మార్చగలిగింది కాలేజీ ఒక్కటే. అందుకే లేఖ అందిన రోజే కాలేజీ అకౌంట్స్ విభాగానికి రాతపూర్వకంగా అడగాలి: చివరి త్రైమాసికం 24క్యూ దాఖలు చేశారా, అందులో నా పాన్ సరిగ్గా పడిందా, చలానా వివరాలు సరిపోయాయా? పాన్‌లో ఒక్క అక్షరం తప్పినా మన సొమ్ము మన ఖాతాలోకి రాదు. 26ఏఎస్‌లో ఎంట్రీ ఉండి, దాని పక్కన `F` బదులు `U` ఉంటే చలానా వివరాలు సరిపోలేదని అర్థం. ఇలాంటి పొరపాట్లకు కాలేజీ సవరణ స్టేట్‌మెంటు వేస్తే సరిపోతుంది. ఫారం 16లోని పార్ట్ ఎ ట్రేసెస్ పోర్టల్ నుంచి దించినదేనా అని కూడా చూడండి. అది శాఖ దగ్గరున్న లెక్క నుంచే తయారవుతుంది. కాలేజీ సొంతంగా టైపు చేసి ఇచ్చిన కాగితానికి ఆ బలం ఉండదు.

జవాబు పోర్టల్‌లోనే ఇవ్వాలి. లాగిన్ అయ్యాక `Pending Actions`లో `e-Proceedings` తెరిస్తే లేఖ, దాని కింద ప్రతి సవరణ విడివిడిగా కనిపిస్తాయి. మన లెక్చరర్ రాయవలసింది సూటిగా ఇంతే: ఫలానా టాన్ గల కాలేజీ జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతాల్లోంచి 18,000 కోసింది, కోతకు ముందున్న పూర్తి జీతాన్నే ఆదాయంగా చూపాను, చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాను, సవరణ స్టేట్‌మెంటు వేయమని కాలేజీని ఫలానా తేదీన కోరాను. కోత పోను మిగిలిన జీతమే ఖాతాలో పడిందని బ్యాంకు స్టేట్‌మెంటు నిరూపిస్తుంది. అదే ఇక్కడ గట్టి ఆధారం.

30 రోజుల్లోపు 26ఏఎస్ సరికాకపోతే ఇంటిమేషన్‌లో డిమాండు రావచ్చు. అప్పుడు `Response to Outstanding Demand`లో మళ్లీ ఒప్పుకోనని నమోదు చేయాలి. వదిలేస్తే తర్వాతి ఏళ్ల రిఫండులోంచి ఆ సొమ్ము మినహాయించుకునే వీలుంది. కాలేజీ లెక్క సరిచేశాక, 26ఏఎస్‌లో 18,000 కనిపించాకే సెక్షన్ 154 కింద `Tax Credit Mismatch Correction` కోరాలి. అంతకు ముందే కోరితే కంప్యూటర్ పాత 26ఏఎస్‌నే చూసి పాత ఫలితమే ఇస్తుంది. ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు ఇందుకు గడువుంది కనుక తొందరపడనక్కర్లేదు.

కాలేజీ స్పందించకపోతే? కోసిన సొమ్మును ప్రభుత్వానికి కట్టకుండా తన దగ్గరే ఉంచుకుంటే? చట్టం ఈ సంగతిని ఊహించింది. పన్ను కోత జరిగాక, ఆ కోత మేరకు ఉద్యోగిని మళ్లీ పన్ను అడగకూడదని సెక్షన్ 205 చెబుతోంది. ఇలాంటి డిమాండ్లను బలవంతంగా వసూలు చేయవద్దని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015 జూన్ 1న అధికారులకు లేఖ రాసి, 2016 మార్చిలో మరోసారి గుర్తుచేసింది. సొమ్ము కట్టి లెక్క మాత్రం తప్పు వేసిన సందర్భాల్లో, సర్టిఫికెట్‌తో వచ్చినవారి క్రెడిట్‌ను అధికారే పరిశీలించి ఇవ్వాలని 2013 నాటి 5వ నంబరు ఇన్‌స్ట్రక్షన్ చెబుతోంది. కాబట్టి సీపీసీ దగ్గర పని జరగకపోతే ఈ ఆధారాలతో మీ పరిధిలోని అసెసింగ్ అధికారికి దరఖాస్తు పెట్టండి. అయితే సెక్షన్ 205 పనిచేయాలంటే కోత నిజంగా జరిగిందని మీరు చూపగలగాలి. అందుకే జీతం చీటీలు పారేయకండి.

ఈ చిక్కు చాలావరకు ముందే తప్పించుకోవచ్చు. చివరి త్రైమాసికం లెక్క దాఖలుకు సంస్థలకు గడువు మే 31. జూన్‌లో 26ఏఎస్ తెరిచి, సొంత చీటీలతో ఒక్కో వరుసా సరిచూసి, తేడా ఉంటే యజమానికి రాసి, ఆ తర్వాతే రిటర్ను వేయండి. అప్పటికీ లేఖ వస్తే భయంతో ఒప్పుకోవద్దు, బద్ధకంతో వదలొద్దు. తేడా ఎక్కడ పుట్టిందో తేల్చుకుని 30 రోజుల్లో జవాబివ్వండి.