కొత్త అల్లుడి సెలవు చీటీ

పన్ను లెక్కలు చూసే ఆఫీసులకు జనవరి చాలా ఇరుకైన నెల. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారుల అమ్మకాల లెక్కకు 11న గడువు, మూడు నెలలకోసారి వేసేవారికి 13న. 14న జీఎస్టీ పోర్టల్లో 2బి పట్టిక వస్తుంది. మనకు సరుకు అమ్మినవాళ్లు ఆ బిల్లులను తమ లెక్కల్లో చూపించారో లేదో అందులో తేలుతుంది. దాన్ని పుస్తకాలతో సరిచూసి, పన్ను కట్టి, 3బి రిటర్ను 20లోగా వేయాలి. మూడు నెలల పద్ధతిలో ఉన్నవారికి మన రెండు రాష్ట్రాల్లో 22 దాకా వ్యవధి ఉంటుంది. గడువు దాటితే మామూలుగా రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడతాయి. సరిగ్గా ఈ తేదీల నడుమే సంక్రాంతి వస్తుంది.

హైదరాబాద్‌లో ఇలాంటి ఆఫీసు ఒకటి ఉందనుకుందాం. ఐదుగురి బృందం, పైన ఒక మేనేజరు. ఐదుగురిలో ఒకరు ప్రసూతి సెలవులో ఉన్నారు. మరొకరికి జనవరి 21 దాకా సెలవు ముందే మంజూరైంది. ఇక మిగిలింది ముగ్గురు. వారిలో రమేశ్‌కు ఈమధ్యే పెళ్లయింది, అత్తవారిది భీమవరం దగ్గర పల్లె. 2026 జనవరి 13 నుంచి 22 దాకా సెలవు కావాలని నవంబరు రెండో వారంలోనే అడిగాడు. కొత్త అల్లుడికి తొలి సంక్రాంతి. కాదంటే ఒక్క రమేశ్‌కే కాదు, అటు అత్తవారింట్లోనూ మనసులు నొచ్చుకుంటాయి.

చాలామంది మేనేజర్లు ఇక్కడ మౌనాన్ని ఆశ్రయిస్తారు. ‘చూద్దాం లే’ అంటారు, మెయిలు తెరిచి పక్కన పెడతారు. దీన్ని మర్యాద అనుకుంటారు కానీ, నా దృష్టిలో ముఖం మీద కాదనడం కంటే ఇదే ఎక్కువ నష్టం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 13 ప్రయాణానికి టికెట్లు నవంబరు 14న, 18న తిరిగి రావడానికి నవంబరు 19న దొరకడం మొదలవుతుంది. సంక్రాంతి రద్దీలో బెర్తులు ఎంతసేపు మిగులుతాయో అందరికీ తెలిసిందే. ఒకటి రెండు రోజుల్లో ‘కాదు’ అని చెబితే రమేశ్ ఇంకో దారి చూసుకుంటాడు. డిసెంబరు చివర చెబితే ఆ దారీ మూసుకుపోతుంది. టికెట్టు కొన్నాక వచ్చిన నిరాకరణను మనిషి అంత తేలిగ్గా మరిచిపోడు.

చెప్పే ముందు మేనేజరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ‘సెలవు ఎందుకు?’ అని కాదు. అలా అడిగితే అవతలివాడు తన అవసరాన్ని నిరూపించుకోవాల్సి వస్తుంది. ‘ఈ పది రోజుల్లో ఏవి కదలవు?’ అని అడగాలి. 2026లో భోగి 14, సంక్రాంతి 15, కనుమ 16. ఈ మూడూ కదలవు. మరి 19 నుంచి 22 దాకా? ‘వెళ్లినవాళ్లం మరో నాలుగు రోజులు ఉందామని, సార్’ అంటాడు రమేశ్. అవి కదిలే రోజులు. ఆఫీసుకు కదలనివీ అవే. సెలవు చీటీని మొత్తంగా ఒప్పుకోవడమో తోసిపుచ్చడమో తప్ప మార్గం లేదనుకునేవారికి ఈ తేడా కనబడదు.

ఇప్పుడు ప్రత్యామ్నాయ తేదీలు. ‘తర్వాత ఎప్పుడైనా తీసుకోండి’ అనడంలో తేదీయే లేదు. మేనేజరు ముందుగా పని పట్టిక తీసి చూడాలి. 22తో రిటర్నుల ఒత్తిడి తీరుతుంది. 23 శుక్రవారం, 24 శనివారం, 25 ఆదివారం, 26 గణతంత్ర దినం. రెండు రోజుల సెలవు పెడితే నాలుగు రోజులు వరసగా దొరుకుతాయి. వదులుకున్నవీ నాలుగు రోజులే. సెలవు ఖాతాలోంచి పోయేవి మాత్రం రెండే. ఆ రెండు రోజులకు ఇంకెవరైనా అడిగారా, 31న గడువున్న టీడీఎస్ రిటర్నుల పని ఎవరు అందుకుంటారు అన్నది కూడా చూసుకున్నాకే నోరు విప్పాలి.

విడిగా పిలిచి ఇలా చెప్పొచ్చు: ‘రమేశ్, 13 నుంచి 18 దాకా మీ సెలవు ఖాయం. ఇప్పుడే మంజూరు చేస్తున్నాను, టికెట్లు తీసుకోండి. 19 నుంచి 22 మాత్రం ఇవ్వలేను. 3బి పనికి ఆ రోజుల్లో ముగ్గురూ లేకపోతే కుదరదు. బదులుగా 23, 24 మీ పేరున రాసి ఉంచుతాను, 26 ఎలాగూ సెలవే. అవి కుదరకపోతే మీకు కుదిరేవి రేపటిలోగా చెప్పండి.’

ఇందులో వరస ముఖ్యం. ఇచ్చేది ముందు, ఇవ్వలేనిది తర్వాత, కారణం ఒక్క వాక్యంలో. కారణం పెరిగేకొద్దీ సాకులా వినిపిస్తుంది. ‘నాకేం అభ్యంతరం లేదు, పైవాళ్లే ఒప్పుకోరు’ అనడం మరీ చెడ్డది. నిర్ణయం తనది కాదని చెప్పినవాడి దగ్గరకు రేపు ఎవరూ అడగడానికి రారు. అలాగే ‘ఫలానా ఆవిడ 21 దాకా వెళుతోంది, వాళ్లింట్లో ఇదీ సంగతి’ అని మరొకరి కారణం ఇక్కడ విప్పకూడదు. తన సంగతీ రేపు ఇంకొకరి ముందు ఇలాగే విప్పుతారని రమేశ్‌కు వెంటనే అర్థమవుతుంది. మాట ముగిశాక అదే విషయం తేదీలతో సహా మెయిల్లో పంపి, సెలవుల రిజిస్టర్లోనూ ఎక్కించాలి.

‘అత్తవారింటి నుంచే ల్యాప్‌టాప్‌లో చేసేయండి’ అనే ప్రతిపాదన మాత్రం జాగ్రత్త. రమేశ్ తనంతట తాను అడిగితే సరే. మేనేజరు నోట వస్తే అది పండగ ఇంట్లో ఆఫీసు తెరవమనడమే, సెలవు లెక్కలోకి రాదు.

ఇంతదాకా బాగానే జరిగినా నమ్మకం దెబ్బతినేది సాధారణంగా జనవరి 22 సాయంత్రం. ఒక క్లయింటు బిల్లులు ఆలస్యంగా వచ్చాయి, రేపొక్కరోజు ఉండమని అడగబుద్ధవుతుంది. మొదటి నిరాకరణను భరించగలిగేలా చేసింది ఈ రెండో తేదీయే కనుక దాన్నీ తీసేస్తే మొదటి మాట కూడా అబద్ధమైపోతుంది. తాను సూచించిన తేదీని మేనేజరు వెనక్కి తీసుకోకూడదు. అవసరమైతే ఆ పని తాను కూర్చుని చేయాలి. నిరాకరించిన సెలవు బాకీ లాంటిది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా కార్మికుడు నియమం ప్రకారం అడిగినా ఇవ్వని సెలవును పరిమితి లేకుండా తర్వాతి ఏడాదికి కలపాలని చెప్పింది.

నమ్మకం పోయిందని ఎలా తెలుస్తుంది? ఎవరూ వచ్చి చెప్పరు. ముందుగా అడిగే అలవాటు పోతుంది. పొద్దున్నే ‘జ్వరం, రాలేను సార్’ అనే మెసేజీలు పండగల చుట్టూ పెరుగుతాయి. వాటికి డాక్టరు చీటీ అడగడం మొదలుపెడితే గొడవ ముదురుతుందే తప్ప తగ్గదు. పోయిన సంక్రాంతికి ఎవరు ఆగిపోయారో రిజిస్టరు తిరగేసి చూడటం మేలు. పెళ్లికాని వాళ్లనో, ఊరు దగ్గరున్న వాళ్లనో ఏటా ఆపేస్తుంటే ఎంత మృదువుగా చెప్పినా చెవికెక్కదు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. ఇంట్లో చావు, ఆసుపత్రి, కాన్పు వచ్చినప్పుడు ప్రత్యామ్నాయ తేదీల మాటే ఎత్తకూడదు. అక్కడ సర్దుకోవాల్సింది పని.

మేనేజర్లకు ఒక విన్నపం. వచ్చే సంక్రాంతికి ఎవరికి ఏ రోజులు కావాలో అక్టోబరు చివర్లోనే మీరే అడిగి రాసుకోండి. రిజర్వేషన్ తెరిచేలోగా అందరికీ జవాబు చెప్పేయండి.