పది సెంట్లలో నారు, చుట్టుపక్కల ఊళ్ళకు మొక్క

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గుంటూరు, పల్నాడు, ఖమ్మం జిల్లాల పల్లె రోడ్ల మీద నల్లటి ప్లాస్టిక్ ట్రేలు నింపుకున్న ట్రాలీ ఆటోలు తిరుగుతుంటాయి. వాటిలో ఉండేది మిరప నారు. మదనపల్లె వైపు అయితే అవే ట్రేలలో టమాట నారు కనిపిస్తుంది. ఒకప్పుడు ఏ రైతు నారుమడి ఆ రైతే పోసుకునేవాడు. ఇప్పుడు చాలామంది మొక్కను నర్సరీ నుంచి తెచ్చుకుంటున్నారు. డిగ్రీ అయిపోయి, ఊరు వదలడానికి మనసొప్పక, నాన్నకున్న ఎకరం రెండెకరాల మీదే ఆధారపడి బతకలేక ఆలోచనలో పడిన రైతు బిడ్డలు ఈ మార్పును గమనించాలి. మరో ఎకరం కౌలుకు తీసుకుంటే మరో ఎకరం నష్టభయం కూడా నెత్తిన పడుతుంది. చుట్టూ ఉన్న రైతులందరికీ అవసరమైన ఒక పనిని బాగా చేసిపెడితే పది సెంట్ల నేలైనా ఆదాయం ఇస్తుంది. కూరగాయల నారు పెంపకం అలాంటి పని.

రైతు నారు ఎందుకు కొంటాడు?

కారణం విత్తనం ఖరీదు. హైబ్రిడ్ మిరప పది గ్రాముల ప్యాకెట్‌లో ఒకటిన్నర వేలకు పైగా గింజలుంటాయి. ప్యాకెట్ ధర వందల్లో ఉంటుంది కాబట్టి ఎకరానికి సరిపడా కొనాలంటే వేలల్లో ఖర్చు. నేల మీద మడిలో చల్లితే కొన్ని గింజలు చీమల పాలవుతాయి, కొన్ని వానకు కొట్టుకుపోతాయి. మొలిచినవాటిని పీకేటప్పుడు వేర్లు తెగుతాయి. నాటాక మొక్క నాలుగైదు రోజులు వాడి, కొంత చచ్చి, మళ్ళీ పోగుంటలు పూడ్చాల్సి వస్తుంది.

ట్రేలో అయితే గింజకో గుంట. వేరు ఆ గుంటలోని కొబ్బరి పొట్టును గట్టిగా చుట్టుకుని ఉండలా తయారవుతుంది. ఆ ఉండతో సహా నాటితే మొక్కకు వాడిపోవడమంటే తెలియదు. పైగా నారు దశలో తెల్లదోమ, తామర పురుగు తాకకుండా వల కింద పెంచవచ్చు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఎలా తినేసిందో చూసిన రైతుకు శుభ్రమైన మొక్క విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఏం కావాలి?

పది సెంట్లలో సగం, అంటే సుమారు 200 చదరపు మీటర్లలో వల ఇల్లు కట్టాలి. తక్కిన సగం నీళ్ళ తొట్టికి, ట్రేలు నింపడానికి, మొక్కను ఎండకు అలవాటు చేయడానికి, ఆటో తిరగడానికి. మొదటి ఏడాది ఇనుప పైపులు అక్కర్లేదు. రాతి కూసాలో సరుగుడు బాదులో చాలు. పైన 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్, నాలుగు పక్కలా 40 మెష్ పురుగుల వల, లోపలికి వెళ్ళడానికి ఒకదాని వెనక ఒకటిగా రెండు తలుపులు. ఒక తలుపు మూశాకే రెండోది తెరవాలి. తామర పురుగు చాలా సన్నది కాబట్టి ఈ వల దాన్ని పూర్తిగా ఆపలేదు. అందుకే లోపల నీలం, పసుపు జిగురు అట్టలు కూడా వేలాడదీయాలి. వాటికి ఏం అంటుకుందో రోజూ చూస్తే పురుగు వచ్చిన సంగతి ఆకు ముడుచుకోక ముందే తెలుస్తుంది.

నీరు పరీక్ష చేయించకుండా ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. బోరు నీటిలో ఉప్పు ఎక్కువుంటే లేత ఆకుల అంచులు మాడిపోతాయి, నారు ఎదగదు. అలాంటి చోట వాననీరు నిల్వ చేసుకోవాలి, లేదంటే ఈ ఆలోచన మానుకోవాలి.

గింజ నుంచి మొక్క దాకా

మిరప, టమాట, వంగకు 98 గుంటల ట్రేలు వాడతారు. పుచ్చ, దోస వంటి పెద్ద గింజలకు 50 గుంటలవి. కొబ్బరి పొట్టు బాగా మాగినదీ, ఉప్పు కడిగినదీ అయి ఉండాలి. పచ్చి పొట్టులో మొలక పసుపెక్కి ఆగిపోతుంది. ఒక ట్రేకు తడి పొట్టు కిలోంపావు దాకా పడుతుంది. గుంట మధ్యలో అర సెంటీమీటరు లోతున ఒక్కో గింజ వేసి, పైన పొట్టు కప్పి, పది ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ పట్టా కప్పాలి. లోపలి వెచ్చదనానికి టమాట మూడు నాలుగు రోజుల్లో, మిరప ఆరేడు రోజుల్లో మొలకెత్తుతుంది.

కొత్తవాళ్ళు తరచూ నష్టపోయేది ఇక్కడే. మూడో రోజు నుంచి పొద్దున, సాయంత్రం పట్టా ఎత్తి చూడాలి. అక్కడక్కడా తెల్లటి మొలక పొట్టును చీల్చుకుని కనబడగానే ట్రేలు విడదీసి వల కింద పరచాలి. ఒక్క రోజు ఆలస్యమైనా చీకట్లో మొలక తీగలా సాగుతుంది. సాగిన మొక్క మళ్ళీ పొట్టిబడదు, నాటాక నిలబడదు.

తర్వాత రోజూ సన్నటి జల్లుతో నీరివ్వాలి. విత్తిన 12వ రోజున, 20వ రోజున లీటరు నీటికి మూడు గ్రాముల 19:19:19 ఎరువు కలిపి తడిపితే సరిపోతుంది. ఇచ్చే ముందు నాలుగైదు రోజులు నీరు తగ్గించి, నీడ తీసి మొక్కను గట్టిపరచాలి. టమాట 21 నుంచి 25 రోజులకు, మిరప 35 నుంచి 40 రోజులకు నాటడానికి సిద్ధమవుతాయి.

నారుకు పెద్ద శత్రువు నారుకుళ్ళు. కాండం పొట్టును తాకేచోట సన్నబడి, నీరు పట్టినట్టయి, మొక్క పక్కకు ఒరుగుతుంది. ఒక చోట మొదలై చుట్టూ గుండ్రంగా పాకుతుంది. దీనికి అసలు మూలం ఎక్కువ నీరు, గాలాడకపోవడం. మబ్బు పట్టిన రోజున కూడా అలవాటుగా నీళ్ళు కొట్టేవారికి ఇది తప్పదు. కనబడగానే ఆ ట్రేలు బయటపడేసి, నీరు ఆపి, మిగిలినవాటిని లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన నీటితో తడపాలి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. ఈ తేడా తెలియకుండా మందు కొట్టడం డబ్బు దండగ.

డబ్బు లెక్క

రాత్రి పడుకోబోయే ముందు ఈ లెక్క మీ ఊరి ధరలతో వేసుకోండి. ఇక్కడ అర్థం కావడం కోసం కొన్ని ధరలు అనుకుందాం. 200 చదరపు మీటర్లలో నడవడానికి దారులు పోను 800 ట్రేలు పడతాయి. అంటే 78,400 గుంటలు. పదింట తొమ్మిది మొలిచాయనుకుంటే దాదాపు 70 వేల మొక్కలు. ఎకరానికి 12 వేల మిరప మొక్కలనుకుంటే ఇది ఆరెకరాలకు కాస్త తక్కువ. అంటే ఒక విడతకు ఐదారుగురు రైతులు దొరికితే చాలు.

రైతే విత్తనం తెచ్చిచ్చి, మొక్కకు 60 పైసల చొప్పున పెంపకం కూలి ఇస్తే విడతకు 42 వేలు వస్తాయి. పొట్టు, కూలీలు, ఎరువులు, మందులు, ట్రేల అరుగుదల కలిపి 22 వేలు పోతే 20 వేలు మిగులుతాయి. ఏడాదికి ఆరు విడతలు వేసి, నాలుగు నిండుగా, రెండు సగమే నడిచాయనుకుందాం. సగం విడతకు ఎనిమిది వేలే మిగులుతాయి. మొత్తం 96 వేలు, నెలకు ఎనిమిది వేలు. వల, కూసాలు, ట్రేలు, తొట్టి, మోటారుకు లక్ష పైచిలుకు పెట్టుబడి పెడితే మొదటి ఏడాది సంపాదన దానికే సరిపోతుంది. అందుకే ఆ ఏడాది ఇంటి పాడి, పొలం మీద తిండి గడవాలి. రెండో ఏడాది నుంచే ఇది సంపాదన. నమ్మకం కుదిరి రైతులు పెరిగాకే వల ఇల్లు రెట్టింపు చేయాలి.

మిరప ఒక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదం. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ధర పడితే రైతు మరుసటి ఏడాది ఆ పంట తగ్గిస్తాడు, నారు అడిగేవారూ తగ్గుతారు. టమాట, వంగ, క్యాబేజి, బంతి, పుచ్చ కలిపి పెట్టుకుంటేనే ట్రేలు ఖాళీగా ఉండవు.

గొడవలు వచ్చే చోట్లు

మొదటిది మొలక. విత్తన ప్రమాణాల ప్రకారం మిరపకు కనీసం 60 శాతం, టమాటకు 70 శాతం మొలక ఉండాలి. రైతు తెచ్చిన విత్తనం మొలవకపోతే మాట పడేది నర్సరీవాడే. అందుకే ప్యాకెట్ తెరిచే ముందు రైతు ఎదుటే పేరు, లాట్ నంబరు, గడువు తేదీ పుస్తకంలో రాసి సంతకం చేయించుకోవాలి. ఖాళీ ప్యాకెట్, బిల్లు నకలు ఆ పంట కాపు చూసేదాకా దాచాలి. ప్రతి వరుసకూ పేరు రాసిన చీటీ కట్టాలి. రెండు రకాలు కలిసిపోతే ఆ ఊళ్ళో ఇక ఎవరూ విత్తనం ఇవ్వరు.

రెండోది ఆలస్యం. వాన రాలేదనో కాలువ వదల్లేదనో రైతు "ఇంకో వారం ఆగు తమ్ముడూ" అంటాడు. ఆ వారంలో వేరు గుంటలో మెలికలు తిరుగుతుంది, మొక్క ముదురుతుంది. విత్తే రోజే సగం డబ్బు బయానాగా తీసుకుని, తీసుకెళ్ళాల్సిన తేదీ రాసుకోవాలి. అన్ని ట్రేలూ ఒకే రోజు విత్తకుండా వారం వారం వేస్తే ఒక రైతు ఆగినా ఇంకొకరికి సర్దవచ్చు.

మూడోది లైసెన్సు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో వచ్చిన ఉద్యాన నర్సరీల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మండల ఉద్యాన అధికారిని కలిస్తే పద్ధతి చెబుతారు. షేడ్‌నెట్‌కు రాయితీ ఉందేమో, దానికి షరతులేమిటో కూడా అక్కడే అడగండి. రాయితీ వస్తుందన్న ఆశతో అప్పు మాత్రం చేయవద్దు.

పని నేర్చుకోవడానికి ఆంధ్రలో కుప్పం, తెలంగాణలో జీడిమెట్ల ఉద్యాన కేంద్రాలున్నాయి. మిరప సందేహాలకు గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం ఉంది. వీటికంటే ముందు నడుస్తున్న ఒక నర్సరీలో ఒక సీజన్ కూలికి పనిచేయండి. నీరు ఎప్పుడు ఆపాలో చేతికి తెలిసేది అక్కడే.

ఆ తర్వాత ఒక నోటు పుస్తకం పట్టుకుని పది కిలోమీటర్ల పరిధిలోని ఊళ్ళు తిరగండి. ఎవరు ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఏ నెలలో నాటుతారు, నారు ఇప్పుడెక్కడ తెస్తున్నారు, ఎంత ఇస్తున్నారు అన్నది రాసుకోండి. ముప్ఫై ఎకరాలకు మాట ఇచ్చే రైతులు దొరికితే కూసాలు పాతండి. దొరక్కపోతే ఈ ఏడాది ఆగండి, ఆ పుస్తకంలోనే ఇంకో పని కనబడుతుందేమో చూడండి.